హోటల్ కాన్సియర్జ్ డెస్క్ పని: కొత్తగా చేరినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్సియర్జ్ డెస్క్‌లో కొత్తగా కూర్చున్నవాళ్లు మొదటి రెండు మూడు నెలల్లో దాదాపు ఇవే సందేహాలతో వస్తారు. ఒకే జవాబు పదిసార్లు చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదటి రోజుల్లో

రిసెప్షన్ వాళ్లు చేసే పనికీ మా పనికీ తేడా ఏమిటి?

గది, తాళం, బిల్లు రిసెప్షన్ పని. గెస్ట్ హోటల్ గడప దాటి బయటికి వెళ్లి తిరిగి వచ్చేదాకా కావలసినవన్నీ మన పని. కారు, టూరు, భోజనానికి టేబుల్, టికెట్లు అన్నీ అందులోకే వస్తాయి. చిన్న హోటళ్లలో రెండు పనులూ ఒక్కరే చేస్తారు. అయినా ఒక తేడా ఉంటుంది. రిసెప్షన్‌లో చాలా పనులు అక్కడికక్కడే ముగుస్తాయి. మన దగ్గర ఒక కోరిక పొద్దున మొదలై రాత్రి ముగుస్తుంది, మధ్యలో మన చేతిలో లేని ముగ్గురు నలుగురి మీద ఆధారపడుతుంది. ఫోన్ పెట్టేయగానే పని అయిపోయిందనుకోవడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. గెస్ట్ క్షేమంగా తిరిగి వచ్చాడని తెలిసినప్పుడే లాగ్‌బుక్‌లో ఆ లైను కొట్టేయాలి.

గెస్ట్ ఏదైనా అడిగితే వెంటనే ఫోన్ తీయాలా?

వద్దు. ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ఎంతమంది, ఎప్పుడు, ఆ తర్వాత ఏం చేయాలనుకుంటున్నారు, ఇబ్బంది పెట్టేది ఏదైనా ఉందా. మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ విషయం చెప్పేది అదే. "రేపు సాయంత్రం కారు కావాలి" అన్న మనిషి ఆ కారులో విమానాశ్రయానికి వెళ్తున్నాడా, పెళ్లి విందుకు వెళ్తున్నాడా అన్నదాన్ని బట్టి బండి, సమయం, తిరుగు ప్రయాణం అన్నీ మారిపోతాయి. నాలుగో ప్రశ్న అడిగేటప్పుడు గొంతు తగ్గించి మామూలుగా అడగండి. మోకాళ్ల నొప్పి, గర్భం, అలర్జీ లాంటివి లాబీలో నలుగురి ముందు చెప్పడం అందరికీ ఇష్టం ఉండదు.

కోటు మీద బంగారు తాళంచెవుల పిన్ నేనూ పెట్టుకోవచ్చా?

ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉండే ఆ రెండు తాళంచెవులు లె క్లె దోర్ అనే కాన్సియర్జ్‌ల సంఘం గుర్తు. 1929లో పారిస్‌లో మొదలైన సంఘం అది. సభ్యులు మాత్రమే ఆ పిన్ పెట్టుకుంటారు. సభ్యత్వానికి ఈ పనిలో కొన్నేళ్ల అనుభవం ఉండాలి. అంతవరకు హోటల్ ఇచ్చిన పేరు పట్టీ చాలు.

## కారు, ట్యాక్సీ ఏర్పాట్లు

బండి బుక్ చేసేటప్పుడు ఏమేం చెప్పాలి?

తేదీ, సమయం, ఎక్కే చోటు, దిగే చోటు అందరూ చెప్తారు. తేడా వచ్చేది మనుషులూ సామాన్ల లెక్కలో. మామూలు సెడాన్‌లో డ్రైవర్ కాక నలుగురు పడతారు. కానీ నలుగురి పెద్ద సూట్‌కేసులు డిక్కీలో పట్టవు. ముగ్గురు మనుషులు, రెండు పెద్ద పెట్టెలు అయితేనే సౌకర్యంగా ఉంటుంది. నలుగురు కుటుంబం ఊరికి తిరిగి వెళ్తుంటే పెద్ద బండే అడగండి. చిన్నపిల్ల ఉంటే వయసూ బరువూ కనుక్కుని దానికి తగ్గ చైల్డ్ సీటు ముందుగానే చెప్పండి. వచ్చిన డ్రైవర్ దగ్గర సీటు లేకపోతే అప్పటికప్పుడు చేసేదేమీ ఉండదు.

ఇంకొకటి, బండి ఒక్క ట్రిప్పుకా, గంటల లెక్కనా అన్నది గెస్ట్‌తోనూ ట్రావెల్స్ వాళ్లతోనూ ఒకే మాటగా తేల్చుకోండి. గెస్ట్ ఒక్క ట్రిప్పే అనుకుంటాడు, దారిలో రెండు చోట్ల ఆగుతాడు, చివర్లో వెయిటింగ్ చార్జీ చూసి మన మీద కోప్పడతాడు. వెయిటింగ్ ఎన్ని నిమిషాలు ఉచితం, ఆ తర్వాత ఎంత, టోల్, పార్కింగ్ ఎవరు కట్టాలి అన్న మూడు సంగతులూ కాగితం మీద రాసి ఇవ్వండి.

విమానాశ్రయం నుంచి గెస్ట్‌ని తీసుకురావడానికి విమానం దిగే టైం చెప్తే చాలదా?

చాలదు. ఫ్లైట్ నంబర్ తప్పనిసరి. విమానం ఆలస్యమైనా ముందే వచ్చినా నంబర్‌ని బట్టి డ్రైవర్ చూసుకోగలడు. మీరు టైం మాత్రమే ఇస్తే అతను ఆ టైంకి వచ్చి కాసేపు నిలబడి వెళ్లిపోతాడు. నంబర్‌తో పాటు టెర్మినల్, బోర్డు మీద రాయాల్సిన పేరు, గెస్ట్ ఫోన్ నంబర్ ఇవ్వండి. పేరు అక్షరం అక్షరం చెప్పి రాయించండి. డ్రైవర్ పేరు, ఫోన్, బండి నంబర్, ఎక్కడ నిలబడతాడన్నది విమానం ఎక్కకముందే గెస్ట్‌కి చేరాలి. దిగాక ఫోన్ పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

అర్ధరాత్రి విమానాలకు తేదీ ఎందుకు అంతసార్లు అడగమంటారు?

ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది కాబట్టి. టికెట్ మీద 15వ తేదీ 00:30 అని ఉంటుంది. గెస్ట్ "15 రాత్రి పన్నెండున్నరకి" అంటాడు. మీరు 15 రాత్రికి బండి రాసుకుంటారు. నిజానికి ఆ విమానానికి గెస్ట్ 14వ తేదీ రాత్రి భోజనాల తర్వాత బయల్దేరాల్సింది. మరునాడు బండి వచ్చేసరికి విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజవుతుంది.

అందుకని రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య ఉన్న ఏ విమానానికైనా టికెట్ మీ కళ్లతో చూడండి. 24 గంటల లెక్కలో రాసుకోండి. తర్వాత "అంటే మీరు 14న, ఆదివారం రాత్రి హోటల్ నుంచి బయల్దేరుతారు, అంతేకదండీ?" అని వారం పేరు కలిపి అడగండి. తేదీ అంకెలో తడబడినవాళ్లు కూడా వారం పేరు దగ్గర ఆగి ఆలోచిస్తారు.

ఏ టైంకి బండి పెట్టాలో ఎలా లెక్క వేయాలి? ఒకే రోజు టూరు, భోజనం, విమానం ఉంటే టెన్షన్‌గా ఉంటుంది.

ఎప్పుడూ చివరి నుంచి వెనక్కి లెక్కించండి. ఒక ఉదాహరణ తీసుకుందాం. దంపతులకు రాత్రి 11:40కి విదేశీ విమానం ఉంది. ఆ రోజు పూర్తి రోజు టూరు చేసి, బయట మంచి చోట రాత్రి భోజనం చేసి వెళ్లాలని వాళ్ల కోరిక.

విమానానికి 3 గంటల ముందు చేరాలంటే విమానాశ్రయంలో 8:40కి దిగాలి. దారి మామూలుగా 50 నిమిషాలు. అది సాయంత్రం రద్దీ వేళ కాబట్టి ఇంకో 25 నిమిషాలు కలపండి. అంటే 7:25కి బండి కదలాలి. సామాను ఎక్కించడానికి, బిల్లు చివరిసారి చూసుకోవడానికి 10 నిమిషాలు తీస్తే 7:15కి వాళ్లు లాబీలో ఉండాలి. బండి 7:00కే రమ్మని చెప్తాం.

ఇప్పుడు ముందు వైపు నుంచి చూడండి. టూరు కాగితం మీద 5:30కి ముగుస్తుంది. కోచ్ టూర్లు గెస్టులను ఒక్కో హోటల్ దగ్గర దింపుకుంటూ వస్తాయి కాబట్టి మనవాళ్లు చేరేది 6:15 కూడా కావచ్చు. గది మధ్యాహ్నమే ఖాళీ చేశారు, స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. రాత్రి భోజనం వాళ్లు అడిగిన రెస్టారెంట్‌లో 6:30కి మొదలవుతుంది. 6:30కి అక్కడ కూర్చుని 7:15కి లాబీలో ఉండటం కుదరదు.

ఇక్కడ కొత్తవాళ్లు గెస్ట్‌ని నొప్పించలేక మూడూ బుక్ చేసేస్తారు. అలా చేయకండి. లెక్క వాళ్ల ముందు పెట్టి రెండు దారులు చూపండి. ఒకటి, పూర్తి రోజు టూరు చేసి హోటల్లోనే తేలికగా తిని వెళ్లడం. రెండోది, పూట టూరు తీసుకుని అదే రెస్టారెంట్‌లో మధ్యాహ్న భోజనం చేయడం. వాళ్లు రెండోది ఎంచుకున్నారనుకోండి. టూరు 1:00కి ముగుస్తుంది, టేబుల్ 2:15కి పెడతాం, నాలుగు దాటేసరికి హోటల్‌కి వస్తారు. సామాను మన దగ్గర దాచి, ఉన్న హోటళ్లలో జిమ్ దగ్గరి స్నానాల గది వాడుకోమని చెప్తాం. 7:15 దాకా వాళ్లకు హడావిడి ఉండదు.

టైం అయింది, డ్రైవర్ రాలేదు. ఇప్పుడేం చేయాలి?

బయల్దేరే టైంకి 15 నిమిషాల ముందు బండి గుమ్మం ముందు లేకపోతే అప్పుడే ఫోన్ చేయండి, టైం అయ్యేదాకా ఆగొద్దు. "దగ్గర్లో ఉన్నాను" అనే జవాబును లెక్కలోకి తీసుకోవద్దు. ఏ కూడలి దగ్గర ఉన్నాడో, ఏ గుర్తు కనిపిస్తోందో అడగండి. సమాధానం తేలకపోతే రెండో ట్రావెల్స్‌కి ఫోన్ చేసేయండి. ఒకవేళ రెండు బండ్లూ వస్తే ఒకదానికి క్యాన్సిల్ చార్జీ కట్టాల్సి వస్తుంది, అది విమానం పోవడం కన్నా ఎన్నో రెట్లు తక్కువ. ఆ నిర్ణయం తీసుకునే అధికారం మీకు ఉందో లేదో మామూలు రోజునే మేనేజర్‌ని అడిగి ఉంచుకోండి. గెస్ట్‌కి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పండి.

## టూర్లు

గ్రూప్ టూరు, ప్రైవేట్ టూరు. గెస్ట్‌కి ఏది చెప్పాలి?

గ్రూప్ టూర్లో ఒక్కో సీటుకి డబ్బు కడతారు, బస్సు అందరి కోసం ఆగుతుంది, దారి మారదు. ఒంటరిగా వచ్చినవాళ్లకు, డబ్బు చూసుకునేవాళ్లకు అది బాగుంటుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, ఎక్కువ నడవలేనివాళ్లు ఉంటే ప్రైవేట్‌నే ముందు చెప్పండి. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చు, అలసిపోతే మధ్యలోనే వెనక్కి రావచ్చు. నలుగురైదుగురు కలిసి ఉంటే మనిషికి పడే ఖర్చులో తేడా అంత ఎక్కువ ఉండదు. ఒకసారి లెక్క కట్టి రెండు మొత్తాలూ చూపండి.

టూరు అమ్మే ముందు ఏం సరిచూసుకోవాలి?

ముందు సెలవు రోజు. చాలా మ్యూజియంలకు వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది. బ్రోషర్ మీద బొమ్మ చూసి గెస్ట్ ఆశపడి వెళ్తే తలుపు మూసి ఉంటుంది. తర్వాత, ధరలో ఏమేం కలిసి ఉన్నాయో చూడండి. ప్రవేశ టికెట్, గైడ్, భోజనం, హోటల్ నుంచి తీసుకెళ్లి దింపడం, వీటిలో ఏది లేకపోయినా గెస్ట్‌కి ముందే తెలియాలి.

నడక సంగతి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా ఎన్ని మెట్లు, ఎంతసేపు ఎండలో, కూర్చోడానికి చోటుందా అని అడగండి. "కొంచెం నడవాలి" అని టూరు వాళ్లు చెప్పే మాట మీద ఆధారపడవద్దు. వీలైతే మీరు అమ్మే టూర్లన్నిటికీ ఒక్కోసారైనా వెళ్లి రండి. టాయిలెట్ కోసం ఎంత సేపటికి ఆపుతారన్నది బ్రోషర్‌లో ఉండదు, వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. ప్రార్థనా స్థలాలుంటే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోమని ముందురోజే చెప్పండి.

కన్ఫర్మేషన్ వచ్చింది, అయినా టూరు జరగలేదు. తప్పు ఎక్కడ?

చాలాసార్లు వచ్చింది కన్ఫర్మేషన్ కాదు, మన కోరిక అందిందన్న సందేశం. "మీ బుకింగ్ వివరాలు అందాయి" అన్నదానికీ "సీట్లు ఖాయమయ్యాయి" అన్నదానికీ తేడా ఉంది. రెండోదానికి సాధారణంగా ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ లేకపోతే ఖాయమైనట్టు గెస్ట్‌కి చెప్పకండి.

ఇంకో కారణం, కొన్ని గ్రూప్ టూర్లు ఇంతమంది చేరితేనే బయల్దేరుతాయి. బుక్ చేసేటప్పుడే ఆ సంఖ్య ఎంత, రద్దు చేస్తే ఎప్పటిలోగా చెప్తారని అడగండి. ముందురోజు సాయంత్రం మరోసారి ఫోన్ చేసి పికప్ టైం, చోటు సరిచూడండి. గెస్ట్‌కి ఇచ్చే కాగితం మీద ఆ టైంతో పాటు ఆ టూరు వాళ్ల ఫోన్ నంబర్ కూడా ఉండాలి.

కమిషన్ తీసుకోవడం తప్పా?

అది మీ హోటల్ నియమం మీద ఉంటుంది. కొన్నిచోట్ల హోటల్‌కే చేరుతుంది, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. రాతపూర్వకంగా తెలుసుకోండి. నియమం ఒప్పుకున్నా నేను నాకు ఒక పరీక్ష పెట్టుకున్నాను: కమిషన్ లేకపోయినా ఈ గెస్ట్‌కి ఇదే చెప్పేవాడినా? జవాబు కాదని వస్తే ఆ కాగితం పక్కన పెట్టి వేరేది తీస్తాను.

## రెస్టారెంట్ బుకింగ్‌లు

"మంచి రెస్టారెంట్ చెప్పండి" అంటే ఏం చెప్పాలి?

పేరు చెప్పే ముందు "ఈ మధ్య మీకు బాగా నచ్చిన భోజనం ఎక్కడ చేశారు?" అని అడగండి. చప్పుడు లేని చోటు కావాలా, సందడి కావాలా, ఖర్చు ఎంతవరకు అన్నవి ఆ కబుర్లలోనే బయటపడతాయి. తర్వాత రెండు, మహా అయితే మూడు పేర్లు చెప్పండి. ఒక్కోదానికి ఒక కారణం జత చేయండి. పది పేర్లు చెప్తే ఎంచుకునే బరువు మళ్లీ వాళ్ల మీదే పడుతుంది.

టేబుల్ బుక్ చేసేటప్పుడు ఏం మర్చిపోతారు?

టేబుల్ ఎంతసేపు పట్టి ఉంచుతారన్నది. చాలాచోట్ల సుమారు 15 నిమిషాలు చూసి వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. అలాగే ఎంతసేపు కూర్చోనిస్తారన్నది కూడా. రద్దీ ఉన్నచోట రెండు గంటల తర్వాత టేబుల్ ఖాళీ చేయమంటారు. ఇది తెలియక పుట్టినరోజు వేడుకకు వెళ్లినవాళ్లు బాధపడతారు. మూసే టైం వేరు, చివరి ఆర్డర్ టైం వేరు, మీరు అడగాల్సింది రెండోది. ఫోన్‌లో మాట్లాడినవాళ్ల పేరు రాసుకోండి. "మీ పేరు మా లిస్టులో లేదు" అన్నప్పుడు ఆ పేరు ఎంతో పనికొస్తుంది.

కార్డు నంబర్ అడుగుతున్నారు. గెస్ట్ కార్డు వివరాలు నేను రాసుకుని చెప్పవచ్చా?

వద్దు. రాకపోతే చార్జీ వేయడానికి రెస్టారెంట్లు కార్డు అడుగుతాయి, అది మామూలే. కానీ లాగ్‌బుక్‌లో, చీటీ మీద, వాట్సాప్‌లో కార్డు నంబర్ ఉండకూడదు. వెనకవైపు ఉండే మూడంకెల సీవీవీని చెల్లింపు అనుమతి వచ్చాక దాచుకోకూడదన్నది కార్డు సంస్థలు పెట్టుకున్న భద్రతా ప్రమాణం కూడా. రెస్టారెంట్ వాళ్లని లింక్ పంపమనండి, గెస్ట్ తన ఫోన్‌లో తనే నింపుకుంటాడు. లింక్ లేకపోతే ఫోన్ గెస్ట్ చేతికే ఇచ్చి, ఆయన వివరాలు చెప్పేటప్పుడు కాస్త దూరంగా ఉండండి. ఎప్పటిలోగా రద్దు చేస్తే డబ్బు పోదో ఆ గడువు గెస్ట్‌కి రాసి ఇవ్వండి.

అలర్జీ ఉందన్నారు. రెస్టారెంట్‌కి ఎలా చెప్పాలి?

మొదట ఇష్టం లేకపోవడమా, అలర్జీయా అన్నది తేల్చుకోండి. అలర్జీ అయితే వస్తువు పేరు కచ్చితంగా కావాలి. "నట్స్ పడవు" అన్న మాట చాలదు. వేరుశనగ పప్పుధాన్యాల జాతి. జీడిపప్పు, బాదం, వాల్‌నట్ చెట్ల మీద కాసేవి. ఒకటి పడనివాళ్లకు రెండోది పడవచ్చు, కొందరికి రెండూ పడవు. అలాగే తింటేనే ఇబ్బందా, ఒకే గరిటె, ఒకే నూనె వాడినా ఇబ్బందా అని అడగండి. రెండోది అయితే బుకింగ్ తీసుకునేవాళ్లతో ఆగకుండా వంటగదితో మాట్లాడించమనండి.

వంటగది "జాగ్రత్త పడతాం, కానీ ఒకే నూనె వాడతాం" అంటే ఆ మాటే గెస్ట్‌కి చెప్పండి. "ఏం ఫర్వాలేదండీ, చెప్పేశాం" అని మీ మాటగా భరోసా ఇవ్వకండి. తినాలా వద్దా అన్న నిర్ణయం అన్నీ తెలిసిన గెస్ట్‌ది. అక్కడి భాష రాని గెస్ట్‌కి అలర్జీ సంగతి స్థానిక భాషలో రాసిన చిన్న కార్డు ఇవ్వండి. టేబుల్ దగ్గర వడ్డించే మనిషికి మీ ఫోన్ కాల్ సంగతి తెలియకపోవచ్చు.

అన్నీ నిండిపోయాయి అంటున్నారు. గెస్ట్ పట్టుబడుతున్నాడు.

అదే టైంకి అడిగితే లేదనే అంటారు. ముందు బ్యాచ్‌కో, ఆఖరి బ్యాచ్‌కో, కౌంటర్ సీట్లకో అడిగి చూడండి. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, క్యాన్సిలేషన్ గడువు ముగిసే వేళకి మళ్లీ ఫోన్ చేయండి. టేబుళ్లు ఖాళీ అయ్యేది ఎక్కువగా అప్పుడే. ఉంటాయో లేదో అని రెండు మూడు చోట్ల టేబుళ్లు పట్టి పెట్టడం మాత్రం చేయకండి. రాకుండా పోయిన బుకింగ్‌లు హోటల్ పేరు మీద గుర్తుండిపోతాయి, ఆ తర్వాత నిజంగా అవసరమైన రోజు మీ ఫోన్‌కి విలువ ఉండదు.

## షిఫ్ట్ మారేటప్పుడు, పని ముగిశాక

లాగ్‌బుక్‌లో ఎంత రాయాలి?

మీరు ఇప్పుడే ఇంటికి వెళ్లిపోయి, ఫోన్ ఆఫ్ చేసినా తర్వాతి మనిషి పని పూర్తి చేయగలిగేంత. "302, కారు, రేపు" అన్నది నోటు కాదు. "గది 302, ఇద్దరు, 2 పెద్ద పెట్టెలు, 14 ఆదివారం 21:00కి విమానాశ్రయం, బండి ఖాయం, కన్ఫర్మేషన్ నంబర్ ఉంది, 19:00కి డ్రైవర్‌కి ఫోన్ చేయాలి" అన్నది నోటు. ప్రతి లైను పక్కన అది ఏ దశలో ఉందో రాయండి: అడిగాం, ఖాయమైంది, మళ్లీ సరిచూశాం, పూర్తయింది. తర్వాత చేయాల్సిన పని, దానికి టైం లేకుండా ఏ లైనూ వదలకండి.

డ్రైవర్‌కో టూరు వాళ్లకో గది నంబర్ ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. గెస్ట్ పేరు, లాబీలో కలిసే టైం చాలు. బండి వచ్చిందని డ్రైవర్ మనకు చెప్తాడు, మనం గదికి ఫోన్ చేస్తాం. గెస్ట్ కోసం ఎవరైనా ఫోన్ చేసినా, నేరుగా వచ్చినా ఇదే పద్ధతి. ఆయన ఉన్నాడనీ లేడనీ చెప్పకుండా, సందేశం రాసుకుని గెస్ట్‌కి అందించండి.

గెస్ట్ తిరిగి వచ్చాక ఇంకేం మిగిలి ఉంటుంది?

"ఎలా జరిగిందండీ?" అని అడగడం. బాగుందంటే ఏది బాగుందో అడగండి. బాగాలేదంటే మధ్యలో అడ్డురాకుండా పూర్తిగా వినండి, అదే రోజు టూరు వాళ్లతోనో రెస్టారెంట్‌తోనో మాట్లాడి ఏం చేయగలరో తెలుసుకుని గెస్ట్ ఖాళీ చేసేలోగా చెప్పండి. తర్వాత రెండు చోట్ల రాయండి. గెస్ట్ వివరాల్లో ఆయన అలవాటు రాయండి, ఉదాహరణకి కిటికీ పక్క టేబుల్ కావాలంటారు, వెనక సీట్లో కూర్చుంటే వికారం అని. ఆ ట్రావెల్స్ లేదా టూరు వివరాల్లో ఎంత ఆలస్యమైంది, ఏ డ్రైవర్ అన్నది రాయండి. ఒకే ట్రావెల్స్ మీద నెలలో మూడుసార్లు ఆలస్యం అని కనిపిస్తే, రాత్రి విమానాల బండ్లు ఇక వాళ్లకు ఇవ్వకండి.